రొయ్యల ప్లాంటుకి సోషల్ మీడియా రూలు రాయాలి. ఉద్యోగి సొంత మాట మీదకి పోకుండా ఎలా రాయాలండి?

హెచ్‌ఆర్_భీమవరం

నమస్కారమండి. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో హెచ్‌ఆర్ చూస్తున్నాను. పర్మినెంటు వాళ్లు 140 మంది, కాంట్రాక్టు మీద వచ్చే ఆడవాళ్లు మరో 400 మంది దాకా ఉంటారు. పోయిన నెల్లో వారం తేడాతో రెండు సంగతులు జరిగాయి.

మొదటిది, ప్యాకింగ్ హాల్లో ఒక కుర్రాడు రీల్ తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. పాట, డాన్సు, అంతే. కానీ వెనకాల విదేశీ బయ్యర్ బ్రాండు అచ్చేసిన కార్టన్లు, వాటి మీద లాట్ నంబర్లు చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ల చేతులకి గ్లౌజులు లేవు. బయ్యర్ తాలూకు మనిషి ఆ రీల్‌ని మాకే పంపి సంజాయిషీ అడిగాడు.

రెండోది కొనుగోలు విభాగంలో చేసే ఆయన ఫేస్‌బుక్ పోస్టు. ఆయనకీ ఉండి వైపు రెండెకరాల చెరువుంది. రాసింది ఇది: "మేత రేటు పెరిగింది, కరెంటు పెరిగింది, రొయ్య రేటు మాత్రం పడిపోయింది. కంపెనీలన్నీ ఒక్కటై రైతు నోట్లో మట్టి కొడుతున్నాయి. రేపటి నుంచి మా దగ్గర 100 కౌంట్ మీద ఇంకో పది తగ్గిస్తున్నారు. ఏ ప్రభుత్వం వచ్చినా ఆక్వా రైతుని చూసే నాథుడు లేడు." 100 కౌంట్ అంటే కిలోకి వంద తూగే రొయ్య.

మా ఎండీ గారు ఒక పేజీ రాసి నా చేతిలో పెట్టారు. ఉద్యోగులు కంపెనీ గురించి, ఆక్వా రంగం గురించి, రాజకీయాల గురించి ఎక్కడా ఏమీ రాయకూడదట. అందరూ తమ అకౌంట్ల వివరాలు నాకు ఇవ్వాలట. మీరితే విచారణ లేకుండా తీసెయ్యడమే. సోమవారం లోపు అందరి సంతకాలూ కావాలన్నారు. ఆయన భయం నాకు అర్థమవుతోంది, ఒక్క బయ్యర్ పోతే రెండు షిఫ్టులు ఒక షిఫ్టు అవుతుంది. కానీ ఈ కాగితం మీద సంతకాలు అడగడానికి నాకు మనసొప్పట్లేదు. సాయం చెయ్యండి.

చెరువుగట్టు_ఆకివీడు

ఆ పోస్టు పెట్టినాయనకి ముందు నా దణ్ణం చెప్పండమ్మా. నాకూ రెండెకరాలే. నాలుగు టన్నులు పడిందనుకోండి, కిలోకి పది రూపాయలంటే 40 వేలు. మూడు నాలుగు నెలలు రాత్రీ పగలూ ఏరియేటర్ల దగ్గర కాపలా కాసినోడికి ఆ డబ్బు మామూలు డబ్బు కాదు. ఆయన రాసినదాంట్లో అబద్ధం ఏముంది?

రాజ్యాంగంలో 19వ అధికరణం ఉంది. భావ ప్రకటన స్వేచ్ఛ. కంపెనీ ఏమీ చెయ్యలేదు. మీ ఎండీ గారికి ఆ ఒక్క మాట చెప్పి కాగితం వెనక్కిచ్చెయ్యండి.

ప్లాంట్_మేనేజర్_నరసాపురం

అంత తేలిక కాదండీ. నేను ఇరవై ఏళ్లుగా ఇదే రంగంలో ఉన్నాను. అమెరికా 2025 ఆగస్టులో సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఒక్కో కంటెయినర్‌కి బయ్యర్ చుట్టూ ఎలా తిరిగామో మాకు తెలుసు. అలాంటప్పుడు గ్లౌజులు లేని చేతుల వీడియో బయటికొస్తే ఎన్నేళ్ల నమ్మకం పోతుందో ఆలోచించండి. ఎండీ గారు రాసింది కాస్త కటువుగా ఉంది గానీ ఉద్దేశం తప్పు కాదు. పోస్టు పెట్టినాయన మీద ఐటీ చట్టం 66ఏ కింద కేసు పెడితే మిగతావాళ్లు సర్దుకుంటారు.

లేబర్_వకీలు_రాజమండ్రి

66ఏ ఇప్పుడు లేదండి. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. పోలీసులకి ఆ సెక్షన్ రాసిస్తే వాళ్లే వెనక్కిస్తారు.

ఆకివీడు గారూ, మీది సగం నిజం. 19వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది. ప్రైవేటు కంపెనీ ఉద్యోగి ఆ ఒక్క మాట పట్టుకుని లేబర్ కోర్టుకి వెళ్తే నిలబడటం కష్టం. అలాగని ఆయన చేతిలో ఏమీ లేదనీ కాదు. ఆయన్ని కాపాడేది వేరే చోట ఉంది.

హెచ్‌ఆర్ గారూ, ముందు మీ స్టాండింగ్ ఆర్డర్లు, అంటే ఫ్యాక్టరీ ఉద్యోగ నియమాలు, తియ్యండి. మీకు సర్టిఫై అయినవి ఉన్నాయా? పాత చట్టం కింద ఒకప్పుడు చేయించుకుని ఉంటే వాటిలో దుష్ప్రవర్తన కింద ఏమేం రాశారో చూడండి. 1983లో గ్లాక్సో లేబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: జాబితాలో లేని పనిని తరవాత దుష్ప్రవర్తన అని పేరు పెట్టి శిక్షించడానికి వీల్లేదు. ఆవరణలో గానీ దాని దగ్గర్లో గానీ జరిగింది అని రాసుకున్న రూలుని ఊరంతా సాగదియ్యడమూ కుదరదు. అంటే స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే చోట సోమవారం సంతకాలు పెట్టించిన ఒక పేజీ వాటిని మించిపోదు. ఇక 2025 నవంబర్ 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చాక 300 మంది కార్మికులు, ఆ పైన ఉన్న చోట్లకే స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి. మీ లెక్క ఎందులో పడుతుందో కాగితాలు చూసి చెప్పాలి.

లెక్క ఎందులో పడినా, 'విచారణ లేకుండా' అన్న రెండు మాటలు మాత్రం కొట్టెయ్యండి. షోకాజ్ ఇవ్వకుండా, అభియోగ పత్రం లేకుండా, ఆయన మాట వినకుండా తీసేస్తే కోర్టులో మొదటి వాయిదాకే ఇబ్బందిలో పడతారు. తప్పు నిజమే అయినా శిక్ష మరీ ఎక్కువైందని తగ్గించే అధికారం కూడా అక్కడ ఉంది.

మాస్టారు_అమలాపురం

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఈ విషయంలో రూలు స్పష్టంగానే ఉందమ్మా. 1964 కండక్ట్ రూల్స్ ప్రకారం ఉద్యోగి ప్రభుత్వాన్ని విమర్శించకూడదు, రాజకీయాల్లో పాల్గొనకూడదు. మేమందరం అలాగే సర్దుకుపోతున్నాం. అవే రాసి ఇచ్చేస్తే సరిపోతుంది కదా?

లేబర్_వకీలు_రాజమండ్రి

మాస్టారూ, అవి ప్రభుత్వ ఉద్యోగులకి. రొయ్యల ప్లాంటులో ప్యాకింగ్ చేసే అమ్మాయి ఏ పార్టీ జెండా పట్టుకున్నా యజమానికి సంబంధం లేదు. మీ విషయంలో కూడా అంతా మూసేసి లేదు. 2020లో త్రిపుర హైకోర్టు, ఒక ప్రభుత్వ ఉద్యోగిని రాజకీయ సభకి వెళ్లారనీ ఫేస్‌బుక్‌లో రాశారనీ శిక్షించబోతే అడ్డుకుంది. ఉద్యోగంలో చేరినంత మాత్రాన మాట్లాడే హక్కు పోదంది.

ప్లాంట్ మేనేజర్ గారి వైపు కూడా ఒక తీర్పుంది, దాచకూడదు. 2023లో బాంబే హైకోర్టు, పుణె దగ్గర చాకన్‌లో ఒక ఫ్యాక్టరీ కార్మికుడు ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టుల కేసులో యాజమాన్యం పక్షాన తీర్పిచ్చింది. వేతన ఒప్పందం నలుగుతున్న రోజుల్లో ఆ పోస్టులు సాటి కార్మికుల్ని రెచ్చగొట్టేలా ఉన్నాయని కోర్టు అనుకుంది. ఆ తీర్పు చూపించి 'కంపెనీ మీద రాస్తే తీసెయ్యొచ్చు' అని మీ ఎండీకి ఎవరైనా చెబుతారు. తేడా గమనించండి, అక్కడ కోర్టు చూసింది ఆ పోస్టు ఏం చేయించబోతోంది అన్నది.

ఇప్పుడు కొనుగోలు విభాగం ఆయన పోస్టుని నాలుగు ముక్కలు చేద్దాం. మేత, కరెంటు, రేటు గురించినది అందరికీ తెలిసిన సంగతి. కంపెనీలన్నీ ఒక్కటయ్యాయన్నది అభిప్రాయం. మీ కంపెనీ పేరెత్తలేదు, ఆ మాట ఈ డెల్టాలో ప్రతి చెరువు గట్టు మీదా వినిపించేదే. ప్రభుత్వం గురించినది పూర్తిగా ఆయన సొంతం. మూడో వాక్యం ఒక్కటే వేరు. "రేపటి నుంచి మా దగ్గర పది తగ్గిస్తున్నారు." అది ఆయనకి తెలిసింది రైతుగా కాదు, ఆ కుర్చీలో కూర్చున్నందుకు. అడగదలిస్తే ఆ ఒక్క వాక్యం గురించే అడగాలి.

చెరువుగట్టు_ఆకివీడు

ఆ వాక్యమే నాకు పనికొచ్చేది సార్. రేపు రేటు పడుతుందని ఈ రాత్రి తెలిస్తే తెల్లారకుండానే చెరువు పట్టించుకుంటాను.

లేబర్_వకీలు_రాజమండ్రి

అందుకే అది కంపెనీకి నష్టం. మీకు పనికొచ్చేది కాబట్టే వాళ్లకి రహస్యం. న్యాయం ఎటు ఉందన్నది వేరే చర్చ, అందులో నేను మీవైపే ఉంటాను. కానీ జీతం తీసుకుంటూ రేట్లు చూసేవాడు రేపటి రేటు బయట పెట్టకూడదన్న రూలు అన్యాయమైనది కాదు.

అయితే హెచ్‌ఆర్ గారూ, రెండు ప్రశ్నలు. రేట్లు రహస్యమని ఆయనకి ఎప్పుడైనా రాతపూర్వకంగా చెప్పారా? ఆ పోస్టు పెట్టే వేళకి ఆ రేటు నిజంగా రహస్యంగానే ఉందా? మీ రేట్లు ఏజెంట్లకి వాట్సాప్‌లో వెళ్తాయి కదా, ఆ టైము చూడండి.

తణుకు_అక్క

నేను చదువుకున్నదాన్ని కాదు, తప్పుంటే క్షమించండి. నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లింగ్ కౌంటర్లో చేసేదాన్ని. రెండు నెలలు జీతం ఆలస్యమైతే మా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో 'అందరం కలిసి వెళ్లి అడుగుదాం' అని పెట్టాను. ఎవరో స్క్రీన్‌షాట్ పైకి పంపారు. నన్ను గదిలోకి పిలిచి ఫోను తెరిచి ఇమ్మన్నారు. భయపడి ఇచ్చాను. అందులో మా ఆయనతో మాట్లాడుకున్నవి, మా అమ్మాయి పెళ్లిచూపుల ఫొటోలు అన్నీ పైకీ కిందకీ జరిపి చూశారు. నాలుగు రోజుల తర్వాత నేనే మానేశాను. జీతం గురించి తరవాత ఎవరూ అడగలేదు కూడా.

హెచ్‌ఆర్ అమ్మా, ఏ రూలు రాసినా, ఫోను అడగకూడదని అందులో రాయండి. అకౌంట్ల వివరాలు ఇమ్మనడమూ అదే. ఇవాళ వివరాలు అంటారు, రేపు ఫోను అంటారు.

హెచ్‌ఆర్_భీమవరం

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ మాట తప్పకుండా రాస్తాను.

వకీలు గారూ, ఈరోజు చూశాను. ఏజెంట్ల గ్రూపులో రేటు మెసేజ్ సాయంత్రం 6.50కి వెళ్లింది. ఆ గ్రూపులో 60 మంది ఉన్నారు. ఆయన పోస్టు పెట్టింది రాత్రి 8.15కి. రేట్లు రహస్యమని ఆయన నియామక పత్రంలో ఒక్క ముక్క లేదు, తర్వాత ఇచ్చిన కాగితమూ లేదు.

లేబర్_వకీలు_రాజమండ్రి

మరింకేముందండి. 60 మంది ఏజెంట్ల దగ్గర గంటన్నర ముందే ఉన్న రేటుని రహస్యం అనలేం. ఆయనకి అభియోగ పత్రం ఇవ్వకండి. పిలిచి కూర్చోబెట్టి, ఇకమీదట కంపెనీ రేటు మీ నోటి నుంచి రాకూడదని చెప్పి, ఆ మాట కాగితం మీద పెట్టండి. ఇది మందలింపు కూడా కాదు.

ప్లాంట్_మేనేజర్_నరసాపురం

దీనికి నేను ఒప్పుకోను. 60 మంది ఏజెంట్లకి తెలియడం వేరు, కంపెనీ మనిషి 'మా దగ్గర' అని రాయడం వేరు. ఏజెంటు చెబితే రైతు బేరమాడతాడు. కొనుగోలు విభాగం మనిషి రాస్తే అదే ఖరారు అనుకుంటాడు. ఆ 'మా దగ్గర' అన్న మాటకే నా అభ్యంతరం.

లేబర్_వకీలు_రాజమండ్రి

ఆ అభ్యంతరంలో పస ఉందండి, కాదనను. కంపెనీ తరఫున మాట్లాడినట్టు వినిపించడం ఒక నిజమైన తప్పు. నేననేది, ఆ తప్పుకి ఇంతవరకు రూలు లేదు కాబట్టి రూలు రాసి అప్పటి నుంచి అమలు చెయ్యమని. మీరు, నేను ఇక్కడ కలవకపోయినా ఫరవాలేదు.

క్వాలిటీ_కాకినాడ

అందరూ ఫేస్‌బుక్ పోస్టు దగ్గరే ఆగారు. నన్నడిగితే ప్రమాదం రీల్‌లో ఉంది. కాకినాడ వైపు ఒక ప్లాంటులో క్వాలిటీ చూస్తాను.

హాల్లోకి వెళ్లేముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీయిస్తాం, గంబూట్లు, తలకి క్యాప్, మూతికి మాస్కు, క్లోరిన్ నీళ్లలో చేతులూ కాళ్లూ ముంచి లోపలికి పంపుతాం. ఫోను లోపలికి రాకూడదన్నది పరిశుభ్రత రూలు. అది సోషల్ మీడియా రూలు కంటే ముందే ఉండాలి. మీ కుర్రాడి చేతిలో ఫోను ఉందంటే గేటు దగ్గర ఎవరూ చూడలేదన్నమాట. రీల్ ఒకటి బయటికొచ్చింది కాబట్టి తెలిసింది, లోపల ఇంకెన్ని ఫోన్లు తిరుగుతున్నాయో.

రెండోది గ్లౌజులు. ఆ ఇద్దరు ఆడవాళ్లకి ఎందుకు లేవు? స్టాకు అయిపోయిందా, చిరిగితే మార్చట్లేదా, తడికి వేళ్లు ఒరుస్తున్నాయని తీసేశారా? బయ్యర్ అడిగేది కూడా అదే. 'వీడియో తీసినవాణ్ని తీసేశాం' అని జవాబిస్తే ఆయన ఇంకా అనుమానపడతాడు. 'ఆ రోజు ఫలానా లైన్లో గ్లౌజులు అందలేదు, ఇప్పుడు షిఫ్టుకి ఇంత అని లైను దగ్గరే పెడుతున్నాం, ఫోన్లు గేటు దగ్గరే ఉంచుతున్నాం, ఆ లాట్లు మళ్లీ పరీక్షించాం' అని చెప్పండి. ఆ నాలుగు ముక్కలకే విలువ.

కుర్రాడి తప్పు లేదని కాదు. బయ్యర్ బ్రాండు, లాట్ నంబరు బయట పెట్టడం తప్పే. చాలా ఒప్పందాల్లో బయ్యర్ పేరు వెల్లడించకూడదని ఉంటుంది. కానీ ఆ సంగతి వాడికి ఎవరు చెప్పారు? కార్టన్ మీద బ్రాండు రహస్యమని 21 ఏళ్ల కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

హెచ్‌ఆర్_భీమవరం

గ్లౌజుల సంగతి అడిగానండి. ఆ రోజు రెండో షిఫ్టుకి పెద్ద సైజువే మిగిలాయట, చిన్న చేతులకి జారిపోతున్నాయని తీసేశారట. స్టోర్స్‌లో చిన్న సైజు ఆర్డరు పెట్టి పదిహేను రోజులైంది. ఈ ముక్క ఎండీ గారికి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఆ ఆర్డరు వచ్చింది.

ప్లాంట్_మేనేజర్_నరసాపురం

ఒక కష్టమైన ప్రశ్న అడుగుతాను. సూపర్‌వైజర్ ఒకడున్నాడు. డ్యూటీ అయ్యాక, సొంత ఫోనులో, కంపెనీ మాట ఎత్తకుండా ఒక కులం వాళ్లని తిడుతూ పోస్టు పెట్టాడు. అతని కింద లైన్లో ఆ కులం ఆడవాళ్లే సగం మంది. ఇది సొంత అభిప్రాయమేనా? మీరు చెబుతున్న రూలు ప్రకారం వదిలెయ్యాలా? మా దగ్గర నిజంగా జరిగింది, నేనేం చెయ్యలేకపోయాను.

లేబర్_వకీలు_రాజమండ్రి

వదిలెయ్యకూడదండి. పార్టీ మీద, ప్రభుత్వం మీద, రొయ్య రేటు మీద ఎవరేమన్నా పక్కవాడి పని ఆగదు. ఈ పోస్టు చూసిన ఆడమనిషి మర్నాడు అతని దగ్గర సెలవు ఎలా అడుగుతుంది? ఓవర్‌టైము ఎవరికి వేశాడు, ఎవర్ని ఐస్ నీళ్ల లైనుకి తోశాడు అన్న ప్రతిదాంట్లో అనుమానం వస్తుంది. తిట్టింది బయట అయినా దెబ్బ తగిలేది లోపల. బెదిరింపు, ఆడవాళ్ల మీద అసభ్య రాతలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. పోస్టులో మాటల్ని బట్టి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందకీ రావచ్చు, అది పోలీసుల పని.

కానీ ఎక్కడ ఆగాలో చెప్పడం నాకూ కష్టమే. తిట్టకుండా, 'రిజర్వేషన్లు అక్కర్లేదు' అని రాశాడనుకోండి. అది రాజకీయ అభిప్రాయం. కింద పనిచేసేవాళ్లకి అదీ బాధ కలిగిస్తుంది. నేనైతే దాన్ని ముట్టుకోను. వేరేవాళ్లు వేరేగా అనుకోవచ్చు.

తణుకు_అక్క

బాధ కలిగితే చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి సార్. ఆ సూపర్‌వైజర్ మీద ఫిర్యాదు ఆ సూపర్‌వైజర్ ద్వారానే పైకి వెళ్లాలంటే ఎవరు చెబుతారు?

హెచ్‌ఆర్_భీమవరం

మీ అందరి మాటలూ పెట్టుకుని తిరగరాశాను. తెలుగులోనే రాశాను, ప్యాకింగ్ హాల్లో చదివి వినిపించాలి కాబట్టి. చూడండి:

"కంపెనీ తరఫున మాట్లాడే పని ఎండీ గారిది, ఆయన రాసిచ్చినవారిది. మిగతావారు కంపెనీ మాటగా వినిపించేలా ఏదీ రాయవద్దు. పని వల్ల మాత్రమే తెలిసిన సంగతులు, అంటే బయ్యర్ల పేర్లు, కార్టన్లు, లాట్ నంబర్లు, పరీక్ష ఫలితాలు, ఇంకా ప్రకటించని కొనుగోలు రేట్లు బయట పెట్టవద్దు. ప్రాసెసింగ్, ప్యాకింగ్ హాళ్లలోకి ఫోను తేవద్దు. తోటి పనివాళ్లని కులం, మతం, ఆడామగా తేడా పట్టి తిట్టడం, బెదిరించడం ఎక్కడ చేసినా కంపెనీ పట్టించుకుంటుంది.

రాజకీయాలు, ప్రభుత్వం, ఆక్వా రంగం, రేట్ల మీద మీ సొంత అభిప్రాయం మీ ఇష్టం. జీతం, పని గంటలు, భద్రత గురించి తోటివారితో మాట్లాడుకోవడం, యూనియన్‌కి గానీ లేబర్ అధికారికి గానీ చెప్పడం ఈ రూలు కిందకి రాదు. మీ ఫోను, పాస్‌వర్డు, అకౌంటు వివరాలు కంపెనీ అడగదు. ఎవరి పేజీలూ వెతకదు. ఫిర్యాదు వస్తేనే చూస్తుంది, ఫిర్యాదు వచ్చిన పోస్టు వరకే చూస్తుంది. ఏ చర్య అయినా రాతపూర్వకంగా అడిగి, మీ జవాబు విన్నాకే."

లేబర్_వకీలు_రాజమండ్రి

బాగుందండి. రెండు మార్పులు. గ్లౌజులు లేవు, అమ్మోనియా వాసన వస్తోంది లాంటివి ముందు ఎవరికి చెప్పాలో పేరు కాకుండా హోదా రాయండి, ఆ హోదా లైను సూపర్‌వైజర్ కాకూడదు. తణుకు అక్కయ్య గారు అడిగింది అదే. రెండోది, ఇది స్టాండింగ్ ఆర్డర్లకి తగ్గట్టుందో లేదో చూసుకునే దాకా దీన్ని సూచనల పత్రంగా ఇవ్వండి. కాంట్రాక్టు ఆడవాళ్లకి కాంట్రాక్టరు ద్వారా కాకుండా మీరే చదివి వినిపించండి.

హెచ్‌ఆర్_భీమవరం

ఈరోజు ఎండీ గారితో రెండు గంటలు కూర్చున్నాను. చాలావరకు ఒప్పుకున్నారు. రీల్ తీసిన కుర్రాడికి ఒక హెచ్చరిక పత్రం, అది కూడా ఫోను లోపలికి తెచ్చినందుకు. గేటు దగ్గర నంబర్లు వేసిన ఫోన్ల అర పెట్టించారు. ఇళ్ల నుంచి అత్యవసరంగా ఫోను వస్తే అందుకోవడానికి ఆఫీసు ల్యాండ్‌లైను నంబరు అందరికీ ఇమ్మన్నారు, చంటిపిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చేవాళ్లు అడిగిన మాట అది. కొనుగోలు విభాగం ఆయనతో మాట్లాడాం. ఆయన మూడో వాక్యం తీసేశారు, మిగతా మూడూ ఉంచుకున్నారు. ఎండీ గారికి అది రుచించలేదు గానీ ఊరుకున్నారు.

ఒక్క చోట మాత్రం ఆగిపోయాం. షిఫ్టు వాట్సాప్ గ్రూపులకి సూపర్‌వైజర్లే అడ్మిన్లు. డ్యూటీ మార్పులు అందులోనే పెడతారు, ఓట్ల రోజుల్లో పార్టీ వీడియోలూ అందులోనే వస్తాయి. అది కంపెనీ గ్రూపా, సొంత గ్రూపా? ఎండీ గారు సొంతమంటున్నారు, నాకలా అనిపించట్లేదు.

క్వాలిటీ_కాకినాడ

డ్యూటీ అందులో వేస్తున్నారంటే అది కంపెనీదే. అందులోంచి బయటికి పోతే డ్యూటీ తెలియదు కదా పాపం ఆ అమ్మాయికి. డ్యూటీకి వేరే గ్రూపు పెట్టి, అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్ చెయ్యండి. కబుర్లకి వాళ్ల గ్రూపు వాళ్లు పెట్టుకుంటారు.

చెరువుగట్టు_ఆకివీడు

హెచ్‌ఆర్ అమ్మా, ఆయన మూడు వాక్యాలు ఉంచుకున్నందుకు సంతోషం. పోస్టు ఇప్పుడే మళ్లీ చూసొచ్చాను, కింద మా ఊరివాళ్లు పది మంది దాకా రాశారు. ఒక్కరు కూడా మీ కంపెనీ పేరెత్తలేదు.